ఫ్లెక్సీ షాపు పనితో ఏజెన్సీకి వెళ్ళాలంటే: మూడు వందల డిజైన్లు వద్దు, ఒక పచ్చడి సీసా చూపించండి

ప్రశ్న: గాజువాకలో ఒక ఫ్లెక్సీ షాపులో రెండేళ్ళుగా డిజైన్లు చేస్తున్నాను. జీతం చేతికే ఇస్తారు. ఆఫర్ లెటర్, పే స్లిప్ లాంటివి ఏమీ లేవు. డిజైన్ కోర్సు కూడా చేయలేదు. ఫోటోషాప్, కోరల్‌డ్రా బాగా వచ్చు, ఇలస్ట్రేటర్ కొంచెం వచ్చు. వైజాగ్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ యాడ్ ఏజెన్సీకి అప్లై చేద్దామంటే అందరూ పోర్ట్‌ఫోలియో అడుగుతున్నారు. నా దగ్గర మూడు వందల ఫ్లెక్సీలు, పెళ్ళికార్డులు ఉన్నాయి. అవే పెట్టాలా? లేక కొత్తగా చేయాలా?

సమాధానం:

నేనూ డాబాగార్డెన్స్‌లో ఒక ప్రింటింగ్ షాపులో కోరల్‌డ్రా ముందు కూర్చునే మొదలుపెట్టానండీ. అప్పుడు నాకూ కాగితం ముక్క ఏదీ లేదు. ఇప్పుడు ఏజెన్సీలో జూనియర్ డిజైనర్లను తీసుకునేటప్పుడు వచ్చిన పోర్ట్‌ఫోలియోలు చూసే పని నాదే. కాబట్టి అటువైపు కుర్చీలోంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

ముందుగా, ఆ మూడు వందలు పెట్టకండి. నేను చాలావరకు పీడీఎఫ్‌ను ఫోన్లోనే తెరుస్తాను, రెండు మీటింగుల మధ్యలో. మొదటి నాలుగైదు పేజీల్లో ఆగాలనిపించకపోతే మిగతావి వేలితో తోసుకుంటూ పోవడమే. ఆ నాలుగైదు పేజీల్లో నేను వెతికేది ఒక్కటే: ఇందులో ఈ మనిషి సొంతంగా తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందా, లేక రెడీమేడ్ ఫైల్లో పేరు, ఫోటో మార్చాడా?

ఫ్లెక్సీ షాపు పనిలో చిక్కంతా ఇక్కడే ఉంది. షాపు సిస్టమ్‌లో పుట్టినరోజు పీఎస్‌డీలు, పెళ్ళికార్డు సీడీఆర్‌లు డ్రైవుల కొద్దీ ఉంటాయని మీకు తెలుసు, నాకూ తెలుసు. కస్టమర్ కౌంటర్ దగ్గరే నిలబడి "అరగంటలో కావాలి" అంటాడు. అందులో తప్పేం లేదు, ఆ పని అలాగే నడుస్తుంది. కానీ అదే వినాయకుడి బొమ్మ, అదే బంగారు అంచు నాకు వచ్చిన మూడు పోర్ట్‌ఫోలియోల్లో కనిపిస్తే ముగ్గురి మీదా నమ్మకం పోతుంది. అందుకని ఆ మూడు వందల్లోంచి ఒక్కో ఫైలూ తీసి, "ఇందులో బొమ్మ నాదేనా, అమరిక నాదేనా, అక్షరం నేను ఎంచుకున్నదేనా" అని అడగండి. మూడింటిలో కనీసం రెండింటికి అవునన్నవి పక్కన పెట్టండి. పదో పన్నెండో మిగిలితే మీరు అదృష్టవంతులే.

వాటిలోంచి ఒక్క కస్టమర్‌ను ఎంచుకుని, ఆ పనిని మొదటి నుంచి మళ్ళీ చేయండి. నా ఉద్దేశంలో మీ పోర్ట్‌ఫోలియోకి వెన్నెముక అదే. ఇప్పుడు మా టీమ్‌లో ఉన్న ఒక కుర్రాడు అలాగే వచ్చాడు. అతను చేసింది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అతని పోర్ట్‌ఫోలియోలో నన్ను ఆపింది ఒక పచ్చడి సీసా.

పెందుర్తిలో ఒక అక్క ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేది. షాపుకి వచ్చి స్టిక్కర్లు వేయించుకునేది. పాత స్టిక్కర్ మీద లక్ష్మీదేవి, రెండు మామిడికాయలు, ఐదు రంగుల్లో పేరు, ఫోన్ నంబరు. అన్ని పచ్చళ్ళకీ ఒకటే స్టిక్కర్, ఏ పచ్చడో మార్కర్‌తో రాసేది. మా కుర్రాడు షాపు టైం అయిపోయాక ఆవిడ దగ్గరకి వెళ్ళి, "అక్కా, డబ్బులొద్దు, లేబుల్ మళ్ళీ చేస్తాను, నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోనివ్వండి" అని అడిగాడు. ఆవిడ ఒప్పుకుని, "ఏ సీసా ఏదో మా కోడలికి దూరం నుంచే తెలిస్తే చాలు" అంది. ఆ ఒక్క మాటే అతనికి బ్రీఫ్. పోర్ట్‌ఫోలియోలో ఆ పని మొదటి పేజీ మీద పాత స్టిక్కర్ ఫోటో, దాని కింద ఆవిడ మాట ఆవిడ మాటగానే ఉన్నాయి. "బ్రాండ్‌కు ఆధునిక గుర్తింపు" లాంటి వాక్యాలు ఎక్కడా లేవు. అక్కడే నేను ఆగాను.

రెండో పేజీలో కొలతలు. దారం చుట్టి కొలిస్తే సీసా చుట్టుకొలత 22 సెంటీమీటర్లు వచ్చింది. మెడ, అడుగు వంపులు తీసేస్తే స్టిక్కర్ అంటుకునే తిన్నని భాగం 6 సెంటీమీటర్ల లోపే. అందుకని లేబుల్‌ను 21 బై 5 సెంటీమీటర్లకి పెట్టాడు. నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపి ఫైలు 21.6 బై 5.6. గుండ్రటి సీసాను ఎదురుగా పెట్టి చూస్తే చదవడానికి వీలయ్యేది చుట్టుకొలతలో మూడో వంతే, మిగతాది వంపులోకి పోతుంది. అతను ఆ 21 సెంటీమీటర్లను ఏడేసి చొప్పున మూడు భాగాలు చేశాడు. మధ్యలో పచ్చడి పేరు, ఒక పక్క ఆవిడ వివరాలు, ఇంకో పక్క చట్టం అడిగే సమాచారం. ఇవన్నీ ఒక పెన్సిల్ బొమ్మలో ఉన్నాయి. చక్కటి త్రీడీ మాకప్ కంటే ఆ పెన్సిల్ బొమ్మే నాకు ఎక్కువ చెప్పింది.

మూడో పేజీ తెలుగు అక్షరాల గురించి. ఈ పేజీ మీ పోర్ట్‌ఫోలియోలోనూ ఉండి తీరాలి. ఎందుకంటే బయట పెద్ద కోర్సులు చేసి వచ్చినవాళ్ళు కూడా ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఫ్లెక్సీ షాపులో పనిచేసినవాళ్ళకి సహజంగా పైచేయి ఉండేదీ ఇక్కడే.

ఆవిడ దగ్గర ఐదు పచ్చళ్ళు ఉన్నాయి: ఆవకాయ, మాగాయ, గోంగూర, నిమ్మకాయ, పండుమిర్చి. ఎవరైనా ముందు ఆవకాయతో మొదలుపెట్టి అందంగా చేసేస్తారు. కింద ఒత్తు లేదు, పైన గుడి లేదు, నాలుగు అక్షరాల పేరు. ఆ తర్వాత అదే అమరికలో పండుమిర్చి పెట్టబోతే పట్టదు. పేరు పొడుగు, పైన గుడులు, కింద చ ఒత్తు. మా కుర్రాడు పండుమిర్చితోనే మొదలుపెట్టాడు. రెండు పక్కలా అరేసి సెంటీమీటర్ వదిలితే ఆ పేరుకి మిగిలేది 6 సెంటీమీటర్ల వెడల్పు. అందులో అది ఏ సైజులో పడుతుందో చూసి, మిగతా నాలుగు పేర్లకీ అదే సైజు పెట్టాడు. దాని ఒత్తు కింద ఇంగ్లీషు పేరు తగలకుండా ఎంత ఖాళీ కావాలో కూడా పండుమిర్చే తేల్చింది. సాఫ్ట్‌వేర్ దానంతట అది ఇచ్చే లైన్ల మధ్య దూరం ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని ఇచ్చేది. తెలుగులో పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లోకి దిగిపోతాయి. ఐదు లేబుళ్ళూ పక్కపక్కన పెట్టిన పేజీ చూస్తే ఇతనికి ఆరో పచ్చడి ఇచ్చినా ఇబ్బంది పడడని అర్థమవుతుంది.

ఇంకో సంగతి. షాపులో మీరు అను ఫాంట్లలో టైపు చేస్తూ ఉండుంటారు. అవి యూనికోడ్ కాదు. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. వెబ్‌సైట్‌లోకి, సోషల్ మీడియా క్యాప్షన్‌లోకి కాపీ చేసినా అంతే. ఏజెన్సీలో అదే వాక్యం పేపర్ యాడ్‌లోకీ, వెబ్‌సైట్‌లోకీ, వాట్సాప్‌లోకీ వెళ్ళాలి కాబట్టి మేం యూనికోడ్‌లో చేయగలరా అని చూస్తాం. పోర్ట్‌ఫోలియోలో కనీసం ఒక పని పూర్తిగా యూనికోడ్‌లో చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, అనెక్ తెలుగు, బాలూ తమ్ముడు లాంటివి ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఇలస్ట్రేటర్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద `Show Indic Options` ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో దక్షిణాసియా లిపుల కంపోజర్ ఎంచుకోవాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లోనే `World-Ready Layout` అని ఉంటుంది. అది ఆన్‌లో లేకపోతే "మిర్చి" కాస్తా "మిర్‌చి" అయిపోతుంది, ఒత్తు విడిపోయి పొల్లు కనిపిస్తుంది. నాకు వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో ఇలా విరిగిన తెలుగు మొదటి పేజీలోనే కనిపిస్తూ ఉంటుంది. సొంత పేరే అలా విరిగిపోయి ఉన్నవాళ్ళనీ చూశాను.

నాలుగో పేజీ లేబుల్ వెనక భాగం. ఇది అందం విషయం కాదు, అందుకే చాలామంది వదిలేస్తారు. మాకప్ కోసం ముందు భాగం చేసి, వెనక అర్థం లేని లాటిన్ అక్షరాలు నింపేస్తారు. ఏజెన్సీలో ప్యాకేజింగ్ చేసినవాళ్ళు ముందు చూసేది వెనకే. ఏమేం వేశారో, నికర బరువు, గరిష్ఠ ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, తయారుచేసినవారి చిరునామా, ఫిర్యాదుకు ఫోన్, చదరంలో ఆకుపచ్చ చుక్క, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ సంస్థ గుర్తు, దాని 14 అంకెల నంబరు, ఇలా చాలా పట్టాలి. ఇవన్నీ ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాల్సిందే. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, తెలుగు ఒక్కటే ఉంటే కుదరదు. అంకెల ఎత్తుకు కూడా కనీస కొలత ఉంది. అంటే ఆ ఏడు సెంటీమీటర్లలో మీ ఇష్టమొచ్చినంత చిన్నగా వేయలేరు. ఆ అక్క దగ్గర అసలు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషనే లేదు. మా కుర్రాడు నంబరు ఊహించి వేయలేదు. చోటు ఖాళీగా ఉంచి, "రిజిస్ట్రేషన్ వచ్చాక ఇక్కడ" అని గుర్తు పెట్టాడు. ఆవిడ తర్వాత తీసుకుంది. మీరు సరదాకి చేసే పనిలో కూడా దొంగ నంబరు వేయకండి, తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ఐదో పేజీ నాకు అన్నిటికంటే నచ్చింది. అందులో చెడిపోయిన మొదటి ప్రింటు ఫోటో ఉంది. రెండు తప్పులు జరిగాయి. చిన్న అక్షరాలకి ముదురు గోధుమ రంగు వాడాడు. ఆ రంగు నాలుగు ఇంకులు కలిస్తే వచ్చేది. ప్రింటులో ఇంకులు వెంట్రుకవాసి పక్కకి జరిగేసరికి పదార్థాల పేర్లన్నీ మసకేసినట్టు వచ్చాయి. స్క్రీన్ మీద ఎంత పెద్దది చేసి చూసినా ఇది తెలియదు, కాగితం మీదే తెలుస్తుంది. రెండోది ఇంకా మామూలు తప్పు: కాగితం స్టిక్కర్ వాడాడు. పచ్చడి సీసా అంటే నూనె. నాలుగు రోజుల్లో లేబుల్ అంచులు నూనె పీల్చి పారదర్శకంగా అయిపోయాయి. రెండోసారి చిన్న అక్షరాలన్నీ నలుపు ఒక్క ఇంకుతోనే వేశాడు. వినైల్ స్టిక్కర్ తీసుకుని పైన లామినేషన్ వేయించాడు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన, కింద రెండు లైన్లు, అంతే. డిగ్రీ ఉన్నవాళ్ళ పోర్ట్‌ఫోలియోల్లో ఇలాంటి పేజీ నేను చూసింది చాలా తక్కువ. మీకు రోజూ ప్రింటింగ్ మిషను పక్కనే ఉండే అవకాశం ఉంది, వాళ్ళకి లేదు.

ఆరో పేజీలో సీసాలు ఆవిడ వంటింటి గట్టు మీద, కిటికీ వెలుతురులో, ఫోన్‌తో తీసిన ఫోటో. ఫలితం గురించి "అమ్మకాలు పెరిగాయి" అని ఎక్కడా రాయలేదు. కోడలు ఇప్పుడు మూతలు తీసి చూడకుండానే సీసాలు సర్దుతోందని మాత్రం రాశాడు. కొలవనివాటికి శాతాలు వేయకండి. ఇంటర్వ్యూలో "నలభై శాతం ఎలా లెక్కేశారు?" అని అడిగితే అక్కడితో సరి.

ఇలాంటి పూర్తి పని ఒక్కటి ఉంటే సగం పని అయినట్టే. దానికి ఇంకో మూడు చాలు, అవి ఇంత పొడుగు ఉండక్కర్లేదు.

ఒకటి అడాప్టేషన్ చూపించేది. జూనియర్‌గా చేరితే మొదటి ఆరు నెలలు మీ చేత చేయించేది ఎక్కువగా ఇదే: సీనియర్ చేసిన యాడ్‌ను పది సైజుల్లోకి మార్చడం. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు మీరు చేసే ఉంటారు. అలాంటి ఒక అడ్మిషన్ల ప్రకటన తీసుకుని 1080 బై 1350 పోస్టుగా, 1080 బై 1920 స్టోరీగా, పేపర్లో సన్నగా నిలువుగా వచ్చే యాడ్‌గా, 10 బై 4 అడుగుల బ్యానర్‌గా చేయండి. నాలుగూ ఒకే పేజీలో పెట్టండి. సాగదీసి ఇరికించకుండా, ఏ సైజులో ఏది తీసేశారో, ఏది పెద్దది చేశారో కనిపించాలి. బ్యానర్‌లో బండి మీద పోయేవాడికి మూడు నాలుగు మాటలకంటే అందవు కదా.

రెండోది ఎవరూ అడగకపోయినా మీరే ఎంచుకున్న పని. దయచేసి పెద్ద కంపెనీల లోగోలు మార్చి గీయకండి, వాటిని చూసి చూసి విసుగొచ్చేసింది. మన ఊళ్ళో నిజంగా ఉన్న ఇబ్బంది తీసుకోండి. నేనైతే సింహాచలం గిరి ప్రదక్షిణకి దారి పటం చేసేవాడిని. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మొదలుపెట్టి రాత్రంతా నడుస్తారు, దాదాపు 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినవాడు హనుమంతవాక, అప్పూఘర్, ఇసుకతోట, ఎన్ఏడీ మీదుగా నడుస్తూ, అర్ధరాత్రి, చెమట పట్టిన చేతుల్తో, ఇంకా ఎంత దూరమో, నీళ్ళెక్కడో చూసుకోవాలి. ఆ చీకటికి, ఆ చేతికి తగ్గట్టు అక్షరం, రంగు, మడత ఉండాలి. ఒడిశా నుంచి వచ్చేవాళ్ళని కూడా గుర్తు పెట్టుకోండి. ఇది సొంతంగా చేసుకున్న పని అని పేజీ మీద స్పష్టంగా రాయండి. దేవస్థానం చేయించినట్టు కనిపించకూడదు.

మూడోది మీ షాపు పనే. ఒక్క పేజీలో ఆరు ఫ్లెక్సీలు, కార్డులు, బోర్డులు చిన్నచిన్నగా. పైన "రెండేళ్ళు ఫ్లెక్సీ షాపులో, రోజుకి ఇన్ని పనులు" అని ఒక లైను. మీరు నిజంగా రోజుకి ఎన్ని చేస్తారో అదే రాయండి. ఇది సిగ్గుపడే పేజీ కాదు, మీ వేగానికి సాక్ష్యం. వాటిలో కస్టమర్ల ఫోన్ నంబర్లు, పిల్లల ఫోటోలు కనిపించకుండా చేయండి. షాపు ఓనర్‌ని ఒక మాట అడిగి పెట్టండి. రెడీమేడ్ బొమ్మ ఉంటే "బొమ్మ రెడీమేడ్, అమరిక నాది" అని చిన్నగా రాసేయండి. ఒకసారి ఒక అమ్మాయి అలా రాసి పంపింది. ఆ ఒక్క లైను వల్ల మిగతా పనులు ఆమెవేనని మారుమాట లేకుండా నమ్మాం.

ఇక ఫైలు. అడ్డంగా, 1920 బై 1080 సైజులో పీడీఎఫ్, పదిహేను పేజీల లోపు, 10 ఎంబీ లోపు. అన్నిటికంటే మంచి పని ముందు, రెండో మంచిది చివర. పేజీలోని చిన్న అక్షరాలు ఫోన్‌ను అడ్డంగా తిప్పితే జూమ్ చేయకుండా చదవగలగాలి. పంపే ముందు మీ ఫోన్లో ఒకసారి, అను ఫాంట్లు లేని ఇంకొకరి ఫోన్లో ఒకసారి తెరిచి చూడండి. ఫైలు పేరు `final_final2.pdf` కాకుండా మీ పేరుతో ఉండాలి. డిజైనర్లు తమ పనులు పెట్టుకునే బిహాన్స్ సైట్‌లో కూడా పెట్టి లింకు ఇవ్వండి కానీ లింకు ఒక్కటే పంపకండి. లేయర్లకి పేర్లు పెట్టిన అసలు ఫైళ్ళు ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి. "ఇది తెరిచి చూపించండి" అని మేం అడుగుతాం. పని మీదో కాదో అక్కడ రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

కాగితాల సంగతికి వస్తే, రెజ్యూమెలో షాపు పేరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏం చేసేవారో మామూలుగా రాయండి. ఆఫర్ లెటర్ లేనంత మాత్రాన అది ఉద్యోగం కాకుండా పోదు. ఓనర్‌ని అడిగి లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు, సంతకం, ముద్ర తీసుకోండి. డబ్బులిస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్ళు తగులుతారు. వాళ్ళ జోలికి వెళ్ళకండి. పీఎఫ్ నంబరు అడిగిన చోట ఆ కాగితం తేలిపోతుంది, దాంతోపాటు మీ నిజమైన రెండేళ్ళూ అబద్ధమనుకుంటారు.

ఇంటర్వ్యూకి పిలిస్తే పచ్చడి సీసానో, కార్డో, మీరు చేసిన వస్తువు ఒకటి బ్యాగులో వేసుకుని వెళ్ళండి. మా కుర్రాడు నిజంగానే పండుమిర్చి సీసా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. మా క్రియేటివ్ డైరెక్టర్ దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, లేబుల్ రెండు చివర్లూ కలిసే చోట మిగిలిన సెంటీమీటర్ ఖాళీని గోటితో తడిమి, "ఇక్కడ ఎందుకు వదిలావు?" అని అడిగాడు. "నిండా చుట్టితే ఒక చివర మీద ఇంకో చివర ఎక్కుతుంది సార్, అక్కడే ముందు లేస్తుంది. పైగా ఎంత పచ్చడి మిగిలిందో ఆ సందులోంచి కనిపిస్తుంది" అన్నాడు కుర్రాడు. ఆ తర్వాత డిగ్రీ గురించి ఎవరూ అడగలేదు. జీతం ఎంత కావాలని అడిగారు.